హీట్‌మ్యాప్ అంతా పచ్చగా ఉంది, మరి కాల్స్ ఎందుకు తెగుతున్నాయి? ఆఫీస్ ఫ్లోర్ వైఫై సర్వే మీద తరచుగా అడిగే ప్రశ్నలు

రుషికొండ, మధురవాడ, సిరిపురం వైపు ఆఫీసుల్లో ఐటీ చూసుకునేవాళ్ళు, అడ్మిన్‌లో ఉండి వెండర్ ఇచ్చిన సర్వే పీడీఎఫ్ చేతికొచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాను. జనం కిక్కిరిసి కూర్చునే ఫ్లోర్ గురించే ఇదంతా, ఇంటికో చిన్న షాపుకో ఇంత అక్కర్లేదు. కింద ఏపీ అని రాసిన చోటల్లా యాక్సెస్ పాయింట్ అనే అర్థం.

మ్యాప్‌లో ఆకుపచ్చ రంగు అంటే కరెక్ట్‌గా ఏంటండి?

ఆ చోట నిలబడితే దగ్గర్లో ఉన్న ఏదో ఒక ఏపీ సిగ్నల్ ఇంత బలంగా వినబడుతోంది అని, అంతే. ఆ బలాన్ని డీబీఎంలో చెప్తారు, అన్నీ మైనస్ అంకెలే, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. అంటే -50 చాలా బాగుంది, -67 దగ్గర వాయిస్, వీడియో కాల్స్‌కి సరిపోతుంది, -75 దాటితే ఈడ్చుకుంటూ నడుస్తుంది, -85కి వెళ్తే దాదాపు లేనట్టే. ఇంకొకటి గుర్తుంటే చాలు, 3 డీబీ తగ్గితే పవర్ సగం అయిపోయినట్టు.

కానీ రంగు చూసే ముందు పక్కన ఉండే స్కేల్ చూడండి. ఆకుపచ్చ ఎక్కడితో ఆగి పసుపు ఎక్కడ మొదలవుతుందో సాఫ్ట్‌వేర్‌లో మనం పెట్టుకునేదే. హద్దు -80 దగ్గర పెడితే ఏ ఫ్లోరైనా పచ్చగానే వస్తుంది, అదే డేటాని -65 హద్దుతో తీస్తే సగం ఎర్రగా కనబడొచ్చు. రిపోర్ట్‌లో స్కేల్ లేకపోతే ఆ బొమ్మ మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి, స్కేల్‌తో పాటు మళ్ళీ పంపమని అడగండి.

మ్యాప్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

సర్వే చేసినతను నడిచిన దారి మీద ఎంత నమ్మకమో అంతవరకే. సాఫ్ట్‌వేర్ కొలిచేది నడిచిన గీత మీద మాత్రమే, మిగతాది చుట్టూ కొన్ని మీటర్ల వరకు అంచనా వేసి రంగు పూస్తుంది. అందుకే రిపోర్ట్‌లో నడిచిన దారి గీత కనిపించాలి. కారిడార్‌లో అటూ ఇటూ రెండుసార్లు నడిచేసి బేల లోపలికి, మీటింగ్ రూముల్లోకి వెళ్ళకపోతే ఆ రూములకి వచ్చిన రంగు కారిడార్ రంగే, గోడ ఉందన్న సంగతి ఆ అంచనాకి తెలీదు.

ఫ్లోర్ ప్లాన్ స్కేల్ కూడా చెక్ చేయండి. రెండు పిల్లర్ల మధ్య దూరం టేపుతో కొలిచి, మ్యాప్‌లో అదే వస్తోందో లేదో చూస్తే చాలు. స్కేల్ తప్పితే ఏపీ నుంచి సీటుకి దూరాలన్నీ తప్పుతాయి, ఏపీల కౌంట్ కూడా తప్పుతుంది.

ఇంకా ఏంటంటే, సర్వేకి వాడే అడాప్టర్ మన ఫోన్ కంటే బాగా వింటుంది. అది -62 చూపించిన చోట జేబులోంచి తీసిన ఫోన్ -68 చూపించడం మామూలే. అందుకే ఫోన్‌కి -67 కావాలనుకుంటే మ్యాప్ మీద -61, -62 దాకా ఉండేలా చూసుకోండి, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఆ తేడాని ఆఫ్‌సెట్‌గా ఇచ్చి మ్యాప్ మళ్ళీ తీయించండి.

ఫోన్లో ఫుల్ సిగ్నల్ ఉంటుంది, అయినా పొద్దున్న పదకొండింటికి కాల్స్ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఎందుకు?

ఈ పేజీలో అసలు విషయం ఇదే. సిగ్నల్ మ్యాప్ చెప్పేది వినబడుతుందా లేదా అని. జనం ఎక్కువున్న ఫ్లోర్‌లో సమస్య వినబడకపోవడం కాదు, మాట్లాడే ఛాన్స్ రాకపోవడం.

ఫంక్షన్ హాల్లో ఒకే మైకు ఉన్నట్టు అనుకోండి, ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. ఒకే ఛానెల్‌లో మూడు ఏపీలు ఒకదానికొకటి వినబడుతుంటే అవి మూడు మైకులు కావు, అన్నీ కలిపి ఒకటే. ప్రతి వైఫై రేడియో మాట్లాడే ముందు ఛానెల్ వింటుంది, వేరే వైఫై మాట -82 డీబీఎం దగ్గర వినబడినా ఆగిపోతుంది, చాలా రేడియోలు ఇంకా నీరసమైన సిగ్నల్‌కి కూడా ఆగుతాయి. అంటే డేటా పంపడానికి ఏమాత్రం పనికిరాని సిగ్నల్ కూడా మనల్ని ఆపడానికి సరిపోతుంది. -67 మ్యాప్‌లో ఏపీ పరిధి చిన్న గుండ్రంలా కనిపిస్తుంది గానీ అది అవతలివాళ్ళని ఆపే పరిధి ఎన్నో రెట్లు పెద్దది, అది ఆ మ్యాప్‌లో కనబడదు.

అందుకే పొద్దున్న ఎనిమిదింటికి బాగుంటుంది, పదకొండింటికి అందరూ కాల్స్‌లోకి వెళ్ళాక తెగుతుంది. సిగ్నల్ రెండు సమయాల్లోనూ దాదాపు ఒకటే.

అయితే ఏ మ్యాప్ చూడాలి?

సిగ్నల్ మ్యాప్‌తో పాటు ఒకే ఛానెల్‌లో ఎన్ని ఏపీలు వినబడుతున్నాయో చూపించే మ్యాప్ అడగండి. ఛానెల్ ఓవర్‌ల్యాప్ అనో ఛానెల్ ఇంటర్‌ఫియరెన్స్ అనో పేరుంటుంది. అందులో ఎంత బలం నుంచి లెక్కపెట్టాలో ఒక హద్దు ఉంటుంది, దాన్ని -85 దగ్గర పెట్టించండి. -75 పెడితే మ్యాప్ అందంగా వస్తుంది, రేడియోలు మాత్రం -80లో ఉన్నవాటికి కూడా ఆగుతూనే ఉంటాయి.

5 గిగాహెర్ట్జ్ మ్యాప్‌లో ఒక సీటు దగ్గర అదే ఛానెల్‌లో 1 కనిపిస్తే చాలా మంచిది, 2 ఉంటే నడిచిపోతుంది, 3 అంతకంటే ఎక్కువుంటే అక్కడ ఇంకో ఏపీ పెట్టడం వల్ల పరిస్థితి బాగుపడదు, ఇంకా దిగజారుతుంది. సిగ్నల్ మ్యాప్ పచ్చగా, ఈ మ్యాప్ ఎర్రగా ఉన్న చోట్లు మార్క్ చేసుకోండి, మీ కంప్లైంట్లు వచ్చే సీట్లు చాలావరకు వాటిలోనే ఉంటాయి.

పక్క ఆఫీసు ఏపీలు, పైఫ్లోర్ కిందిఫ్లోర్ ఏపీలు కూడా ఇందులో లెక్కలోకి రావాలి. రిపోర్ట్‌లో మన ఎస్ఎస్ఐడీ మాత్రమే ఫిల్టర్ చేసి ఉంటే ఆ ఫిల్టర్ తీయించండి. సిరిపురం, ద్వారకానగర్ లాంటి చోట్ల బిల్డింగులు ఆనుకుని ఉంటాయి కాబట్టి కిటికీ వరసలో పొరుగువాళ్ళవే ఎక్కువ వినబడొచ్చు.

ఒక ఫ్లోర్ తీసుకుని మొత్తం చెప్పండి.

రుషికొండ వైపు బిల్డింగుల్లో బాగా కనిపించే తరహా ఫ్లోర్ తీసుకుందాం. 60 మీటర్ల పొడవు, 28 మీటర్ల వెడల్పు, 240 సీట్లు. మధ్యలో పొడవునా కారిడార్, దాన్ని ఆనుకుని నడిమధ్యలో లిఫ్టులు, టాయిలెట్లు, యూపీఎస్ రూమ్, అన్నీ కాంక్రీట్. సముద్రం వైపు ఒక బే, కొండ వైపు ఇంకో బే, చెరో 120 సీట్లు. కేబుల్ లాగడం ఈజీ అని ఆరు ఏపీలు వరసగా కారిడార్ సీలింగ్‌కి బిగించారు, పది మీటర్లకొకటి. పవర్ 20 డీబీఎం, ఛానెల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్, ఛానెల్ ఆటో.

సిగ్నల్ మ్యాప్ చూస్తే దాదాపు అంతా -65 కంటే బాగుంది, లిఫ్టుల వెనక ప్యాంట్రీ ఒక్కటే -72. ఇది చూసి ప్యాంట్రీలో ఒక ఏపీ పెడితే అయిపోతుంది అని రాసేస్తారు.

ఇప్పుడు రెండో మ్యాప్ చూడండి. రాడార్ చూసుకుని వాడాల్సిన ఛానెల్స్ ఆపేసి ఉన్నాయి, మిగిలినదాంట్లో 80 వెడల్పు ఛానెల్స్ రెండే వస్తాయి, 36 నుంచి 48 వరకు ఒకటి, 149 నుంచి 161 వరకు ఒకటి. ఆరు ఏపీలు రెండింటి మీదకి, అంటే ఒక్కోదాని మీద మూడు. కారిడార్‌లో వాటి మధ్య అడ్డం ఏమీ లేదు. ఒకే ఛానెల్‌లో ఉన్న ఏపీలు ఇరవై మీటర్ల దూరంలో ఒకదానికొకటి -55 దగ్గర వినబడతాయి, ఆగడానికి -82 చాలు అనుకున్నాం కదా. కాబట్టి ఆరు ఏపీలు కొన్నా ఈ ఫ్లోర్‌లో ఉన్నవి రెండు మైకులే, ఒక్కోదాని మీద 120 లాప్‌టాపులు, వాటితో పాటు అన్ని ఫోన్లు. ప్యాంట్రీలో ఏడోది పెడితే అది కూడా ఈ రెండిట్లో ఒకదాంట్లోనే దూరుతుంది.

చేయాల్సింది ఇది. ఛానెల్ వెడల్పు 20కి తగ్గించాలి. అప్పుడు రాడార్ గొడవ లేని ఛానెల్స్ తొమ్మిది దొరుకుతాయి: 36, 40, 44, 48, 149, 153, 157, 161, 165. ఏపీలు కారిడార్‌లోంచి తీసి బేల లోపలికి, ఒక్కో బేలో ఆరు, మొత్తం పన్నెండు. పవర్ 12 డీబీఎంకి దించాలి. తొమ్మిదింటికి తొమ్మిది వేరే ఛానెల్స్, మిగిలిన మూడింటికి ఛానెల్స్ రిపీట్ చేస్తే అవి ఫ్లోర్‌కి ఐమూలగా ఉండాలి, ఉదాహరణకి సముద్రం వైపు బే ఉత్తరం మూల ఏపీకి 36 ఇస్తే కొండ వైపు బే దక్షిణం మూలకి మళ్ళీ 36. మధ్యలో యాభై మీటర్ల దూరం, లిఫ్టుల కాంక్రీట్, కబోర్డులు, జనం అన్నీ కలిసి సిగ్నల్‌ని -85 కిందికి దించేస్తాయి. ఇక్కడ కాంక్రీట్ మనకి అడ్డం కాదు, సాయం.

పవర్ తగ్గిస్తే సిగ్నల్ పోదా?

ఏపీ దగ్గరికొచ్చింది కాబట్టి పోదు. పై లెక్కలో ప్రతి సీటుకి ఎనిమిది తొమ్మిది మీటర్లలో ఏపీ ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో మొదటి మీటర్‌కే 47 డీబీ పోతుంది, తొమ్మిది మీటర్లకి ఇంకో 19. ఏపీ 12 డీబీఎం పంపితే, యాంటెనా లాభం 3 కలిపితే, ఖాళీలో -51 వస్తుంది, మధ్యలో మనుషులు, పార్టిషన్లకి ఓ పది తీసేసినా -61. మన టార్గెట్‌కి సరిపోయింది.

పాత మ్యాప్ నుంచి కూడా దీన్ని చదవొచ్చు, చాలామందికి తెలీని సులువు ఇది. ఏపీ చోటు మార్చకుండా పవర్ 20 నుంచి 14కి దించితే ఆ ఏపీ మ్యాప్ అంతా 6 డీబీ కిందికి జరుగుతుంది, -55 ఉన్నది -61 అవుతుంది, -80 ఉన్నది -86. సర్వే మళ్ళీ చేయక్కర్లేకుండానే పవర్ దించాక ఏ సీట్లు నిలబడతాయో, ఏ ఏపీలు ఒకదానికొకటి వినబడటం మానేస్తాయో చూస్కోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది, ఫోన్ పవర్ చిన్నది. ఏపీ గట్టిగా అరిస్తే ఫోన్‌కి ఫుల్ గీతలు కనబడతాయి గానీ ఫోన్ తిరిగి చెప్పేది ఏపీకి సరిగ్గా వినబడదు. అవతలివాళ్ళ మాట మనకి బాగా వస్తూ మన మాట వాళ్ళకి తెగుతోందంటే ముందు దీన్ని అనుమానించండి.

పన్నెండే ఎందుకు? లెక్క ఎలా వచ్చింది?

విస్తీర్ణం నుంచి కాదు, సీట్ల నుంచి. 240ని 12తో భాగిస్తే ఏపీకి 20 లాప్‌టాపులు, ఫోన్లతో కలిపి 40 డివైజులు. అందరూ ఒకేసారి వీడియోలో ఉండరు, సగంమంది అనుకుందాం, పది కాల్స్. ఒక్కో కాల్ అటు 3, ఇటు 3 మెగాబిట్లు తీసుకున్నా అరవై. 20 మెగాహెర్ట్జ్‌లో వైఫై 6 లాప్‌టాప్‌కి రెండు స్ట్రీమ్స్‌తో గరిష్ఠ లింక్ స్పీడ్ 286 మెగాబిట్లు, చేతికొచ్చేది సగం అనుకోండి, దూరం సీట్లకి ఇంకా తక్కువ. అరవై దాంట్లో పడుతుంది, కాస్త ఖాళీ కూడా మిగులుతుంది. సీట్లు 300 చేస్తామంటే ఈ లెక్క మళ్ళీ వేయాలి.

వెండర్ 80 మెగాహెర్ట్జ్ పెడితేనే స్పీడ్ అంటున్నారు, స్పీడ్ టెస్ట్ కూడా చూపించారు.

ఆదివారం ఖాళీ ఫ్లోర్‌లో ఒక్క లాప్‌టాప్‌తో తీస్తే 80లోనే ఎక్కువ వస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ మీరు కొంటున్నది 240 మందికి కదా, అదే టెస్ట్ మంగళవారం పదకొండింటికి పదిమంది ఒకేసారి రన్ చేసి చూపించమనండి. వెడల్పు రెట్టింపు చేసిన ప్రతిసారి నాయిస్ కూడా 3 డీబీ పెరుగుతుంది, కాబట్టి సిగ్నల్‌కి నాయిస్‌కి మధ్య తేడా తగ్గుతుంది. ఆ తేడా చూపించే మ్యాప్ కూడా ఉంటుంది, కాల్స్‌కి 25 డీబీ ఉంటే మంచిది.

వైజాగ్‌లో నేవీ, పోర్టు ఉన్నాయి కదా, రాడార్ ఛానెల్స్ వాడొచ్చా?

52 నుంచి 144 వరకు ఛానెల్స్‌లో ఏపీ రాడార్ విన్నదంటే వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలి, అరగంట వరకు మళ్ళీ అందులోకి రాకూడదు, అది రూల్. ఏపీ మారినప్పుడు దాని మీదున్న కాల్స్ తెగుతాయి. సముద్రం కనబడే పై ఫ్లోర్లలో దీన్ని ఊహించి తేల్చకండి. ఒకటి రెండు ఏపీలని ఈ ఛానెల్స్‌లో పెట్టి రెండు మూడు వారాలు కంట్రోలర్ లాగ్‌లో రాడార్ ఈవెంట్లు చూడండి. ఏమీ రాకపోతే రిపీట్ అయిన ఆ మూడు ఏపీలకి ఇవి ఇచ్చేయండి, రిపీట్ గొడవే ఉండదు. వస్తుంటే ఏ ఛానెల్‌లో వస్తుందో అదొక్కటే లిస్ట్‌లోంచి తీయండి, మిగతావి వదులుకోవక్కర్లేదు.

కైలాసగిరి వాతావరణ రాడార్ గురించి కూడా అడుగుతుంటారు. అది ఎస్ బ్యాండ్ రాడార్, మన 5 గిగాహెర్ట్జ్ ఛానెల్స్‌లో ఉండదు, లాగ్‌లో వచ్చే ఈవెంట్లకి దాన్ని అనకండి.

2.4 గిగాహెర్ట్జ్ సంగతేంటి?

ఒకదానికొకటి తగలని ఛానెల్స్ మూడే, 1, 6, 11. పన్నెండు ఏపీల్లో ఆన్ చేస్తే మ్యాప్ అంతా ఎర్రగా వస్తుంది. నాలుగింటిలో ఉంచి మిగతా ఎనిమిదింట్లో ఆ రేడియో ఆపేయండి, ప్రింటర్లకి పాత స్కానర్లకి అది చాలు.

కచ్చితంగా ఎక్కడ బిగించాలి?

జనం తల మీద. బే మధ్యలో, డెస్క్ వరసల పైన, సీలింగ్‌కి కిందివైపు చూసేలా. సీలింగ్ కోసం చేసిన ఏపీని గోడకి నిలువుగా బిగిస్తే దాని సిగ్నల్ ఆకారం తిరిగిపోయి సగం పైఫ్లోర్‌కి, కిందిఫ్లోర్‌కి పోతుంది. ఫాల్స్ సీలింగ్ పైన ఏసీ డక్టుల పక్కన దాచి పెట్టడం అన్నిటికంటే చెడ్డది, రేకు డక్ట్ ఒక వైపు మొత్తం మూసేస్తుంది, మ్యాప్‌లో అది ఏపీ పక్కనుంచే మొదలయ్యే నీడలా కనబడుతుంది. ఏపీ దగ్గర్లోనే పసుపు వచ్చి దూరంలో పచ్చగా ఉంటే నిచ్చెన వేసి ఆ పైన ఏముందో చూడండి.

రెండు బేల ఏపీలని ఎదురెదురుగా కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి పెట్టండి. కిటికీ గ్లాసుకి కూడా మరీ దగ్గరగా వద్దు, ఓ నాలుగు మీటర్లు లోపలికి ఉంటే సిగ్నల్ బయట రోడ్డు మీదకి వృథాగా పోదు, పొరుగువాళ్ళది మనకి తగలడం కూడా తగ్గుతుంది.

సర్వే ఆదివారం చేయించాలా, పనిరోజా?

రెండూ కావాలి, రెండిటి పని వేరు. ఖాళీ రోజు నడిస్తే ప్రతి బేలోకి, ప్రతి రూమ్‌లోకి ప్రశాంతంగా వెళ్ళొచ్చు, గోడలు ఎంత ఆపుతున్నాయో తేలుతుంది. కానీ మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువ నీళ్ళే, ఒక్కొక్కరు మూడు నాలుగు డీబీ ఆపగలరు, నిండిన బేలో మ్యాప్ కాస్త చిక్కుతుంది. పైగా ఛానెల్ ఎంత బిజీగా ఉందో ఖాళీ రోజు తెలియనే తెలియదు. అది పనిరోజు పదకొండు, మూడు గంటల టైమ్‌లో కొలవాలి. లాప్‌టాప్‌ని డెస్క్ ఎత్తులోనే పట్టుకుని నడవమనండి, తలపైకెత్తి నడిస్తే సీటు దగ్గర ఉండేదానికంటే మంచి అంకెలు వస్తాయి.

సర్వే టూల్ లేకుండా నేనేమైనా చూడగలనా?

విండోస్ 11 లాప్‌టాప్‌తో కంప్లైంట్ వచ్చిన సీట్లో కూర్చుని ఇది రన్ చేయండి, లొకేషన్ పర్మిషన్ ఆన్‌లో ఉండాలి:

```
netsh wlan show networks mode=bssid
```

చుట్టూ వినబడే ప్రతి ఏపీకి ఛానెల్ వస్తుంది. మీ లాప్‌టాప్ ఉన్న ఛానెల్‌లోనే ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, ఒకే ఏపీ రెండు మూడు ఎస్ఎస్ఐడీలు ఇస్తుంటే దాన్ని ఒకటిగానే లెక్కేయాలి. ఏపీ ఆ సమాచారం పంపుతుంటే Channel Utilization అని ఇంకో లైన్ కూడా ఉంటుంది, అందులో అంకె 255కి ఎంత అని, పక్కన శాతం. అది పనివేళల్లో 50 శాతం దాటి ఉంటే కాల్స్ ఇబ్బంది మొదలవుతుంది, 70, 80లో ఉంటే ఆ సీట్లో సిగ్నల్ ఎంతున్నా లాభం లేదు.

ఏపీలు మార్చాక ఏం చూసి సరే అనాలి?

మళ్ళీ నడిపించండి, అదే దారిలో, అవే స్కేళ్ళతో, లేకపోతే పాత మ్యాప్‌తో పోల్చలేరు. సిగ్నల్ మ్యాప్ ఈసారి కారిడార్‌లో కాస్త నీరసంగా, బేల్లో బలంగా రావాలి, కారిడార్‌లో ఎవరూ కూర్చోరు కాబట్టి అది పర్లేదు. ఓవర్‌ల్యాప్ మ్యాప్‌లో సీట్ల దగ్గర 1 లేదా 2. పనిరోజు పదకొండింటికి ఛానెల్ బిజీ 50 శాతం లోపు.

ఇవి మూడూ వచ్చి ప్యాంట్రీ మాత్రం ఇంకా -72 దగ్గరే ఉంటే దాన్ని అలాగే వదిలేయండి, అక్కడ టీ తాగుతూ మెసేజ్ చూసుకోవడానికి అది చాలు. అక్కడే నిలబడి కాల్స్ మాట్లాడేవాళ్ళు ఎక్కువైతే అప్పుడు పదమూడో ఏపీ పెట్టండి, 9 డీబీఎం పవర్‌తో, దగ్గర్లోని రెండు ఏపీలు వాడని ఛానెల్‌లో.